అడ్వాన్సు ఇవ్వకముందే రిజిస్ట్రేషన్ ఖర్చు లెక్క వేసుకోవడం ఎలా?

అనంతపురంలో స్థలం బేరం సెంట్లలో నడుస్తుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్క గజాల్లో నడుస్తుంది. బేరం కుదిరిన రోజు కొనేవాళ్లు వేసుకునే లెక్క ఇలా ఉంటుంది: "సెంటు మూడు లక్షల ఇరవై వేలు, ఐదు సెంట్లు, మొత్తం పదహారు లక్షలు. రిజిస్ట్రేషన్ ఏడున్నర పర్సెంటు, అంటే లక్షా ఇరవై వేలు." ఆ లక్షా ఇరవై వేలు పక్కన పెట్టుకొని వస్తారు. తీరా దస్తావేజు తయారయ్యాక లక్షా ఎనభై వేలు కట్టాలని తెలుస్తుంది. అప్పటికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు, స్లాటు బుక్ చేసి ఉంటారు, అమ్మేవాళ్లు వేరే ఊరి నుంచి బస్సెక్కి వచ్చి ఉంటారు. ఆ టెన్షన్‌లో ఏది చెబితే అది కట్టేస్తారు.

దస్తావేజులు రాసే పనిలో ఇది నేను చాలాసార్లు చూశాను. పర్సెంటేజీలో ఎవరూ పొరపాటు పడరు, అది అందరికీ తెలుసు. ఆ పర్సెంటు దేని మీద వేస్తారో తెలియకే నష్టపోతారు. అందుకే ఇక్కడ ఒక పాత ఇల్లున్న స్థలాన్ని తీసుకొని, మొదటి నుంచి చివరిదాకా లెక్క వేసి చూపిస్తాను. ఫ్లాట్ల లెక్క వేరుగా ఉంటుంది, దాన్ని ఇక్కడ ముట్టుకోను.

ముందు అసలు సూత్రం

మీరు ఒప్పుకున్న ధర ఒకటి ఉంటుంది. ఆ ఆస్తికి ప్రభుత్వం నిర్ణయించిన విలువ ఇంకొకటి ఉంటుంది. దీన్నే ఆఫీసులో మార్కెట్ వాల్యూ అంటారు, మనవాళ్లు గవర్నమెంట్ రేటు అంటారు. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే సుంకం పడుతుంది. బేరం పదహారు లక్షలై, గవర్నమెంట్ విలువ ఇరవై లక్షలైతే ఇరవై మీద కట్టాలి. బేరం ఇరవై ఐదు అయితే ఇరవై ఐదు మీదే కట్టాలి, గవర్నమెంట్ విలువ తక్కువగా ఉంది కదా అని దాని మీద కడతామంటే కుదరదు.

ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకు మూడు పద్దులు ఉంటాయి. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫర్ డ్యూటీ మున్సిపాలిటీకో పంచాయతీకో చెందాల్సిన వాటా, అందుకే దాన్ని విడిగా చూపిస్తారు. మూడూ కలిపితే 7.5 శాతం. వీటికి తోడు యూజర్ ఛార్జీలు ఉంటాయి, అవి కొన్ని వందల రూపాయలే. అమ్మేవాళ్లతో వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, స్టాంపు డ్యూటీ భారం చట్టప్రకారం కొనేవాళ్లదే.

ఇంట్లో వాళ్లకు దానం రాసినా, అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నా శాతాలు మారతాయి. కానీ అక్కడ కూడా లెక్కకు ఆధారం గవర్నమెంట్ విలువే. ఎందుకంటే దానంలో అమ్మకం ధర అనేదే ఉండదు కదా.

మొదటి పని: విస్తీర్ణం గజాల్లో తేల్చుకోవడం

ఒక ఎకరం 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. అంటే సెంటుకు 48.4 గజాలు. ఐదు సెంట్లంటే 242 గజాలు. కానీ నోటి మాటగా చెప్పే ఐదు సెంట్లు కొలిస్తే కచ్చితంగా ఐదు రావడం అరుదు. మనం తీసుకున్న ఉదాహరణలో స్థలం వెడల్పు 36 అడుగులు, పొడవు 60 అడుగులు. గుణిస్తే 2,160 చదరపు అడుగులు. దాన్ని 9తో భాగిస్తే 240 గజాలు.

రెండు గజాల తేడా చిన్నదే అనిపిస్తుంది. అయితే దస్తావేజులో ఐదు సెంట్లని, ప్లానులో 36 ఇంటూ 60 అని ఉంటే, ఆఫీసులో ఏ కొలత ఎక్కువైతే దాన్ని పట్టుకుంటారు. అంతకంటే ముఖ్యం, రేపు మీరు అమ్మేటప్పుడు ఆ రెండు గజాలు ఎక్కడున్నాయని అడిగేవాళ్లు ఉంటారు. టేపు పట్టించి, నాలుగు పక్కలా కొలిపించి, వచ్చిన కొలతనే దస్తావేజులో రాయించండి.

రెండో పని: మీ ఆస్తి ఏ వరుసలో పడుతుందో వెతకడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. గవర్నమెంట్ రేటు ఊరికంతా ఒకటే ఉండదు. పట్టణంలో వార్డు, బ్లాకు, డోర్ నంబర్ల వారీగా గజానికి ఇంత అని ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద ఉన్న ఇళ్లకు ఒక రేటు, లోపలి వీధికి మరో రేటు. పంచాయతీలో అయితే గ్రామం, సర్వే నంబరు, ఆ భూమి ఏ రకానికి చెందింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అనంతపురం కార్పొరేషన్ హద్దు దాటి రుద్రంపేట వైపు నాలుగు అడుగులు వేస్తే పట్టిక మారిపోతుంది. కంటికి ఒకే వీధిలా కనిపించినా, కాగితంలో అవి రెండు వేర్వేరు చోట్లు.

రేటు చూసుకోవడానికి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ registration.ap.gov.in ఉంది. అందులో మార్కెట్ వాల్యూ భాగంలోకి వెళ్లి జిల్లా, మండలం, గ్రామం ఎంచుకోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాయని మరిచిపోవద్దు. హిందూపురం, ధర్మవరం వాళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలో చూడాలి, ఆళ్లగడ్డ వాళ్లు నంద్యాలలో, రాయచోటి వైపు వాళ్లు పాత కడప జిల్లా పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. ఫోనులో చూసిన అంకెతో ఆగిపోకుండా, మీ పరిధిలోని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి డోర్ నంబరు, సర్వే నంబరు, హద్దులు రాసిచ్చి మార్కెట్ వాల్యూ కాగితం తీసుకోండి. చివరికి లెక్క వేసేది వాళ్లే కాబట్టి, వాళ్ల నోటి నుంచి కాకుండా వాళ్ల కాగితం మీద ఉన్న అంకె మీకు కావాలి.

ఈ వరుస తప్పడానికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది హద్దులు. మా దగ్గరికి ఒకసారి లారీ నడిపే ఒకాయన వచ్చాడు. పైన చెప్పిన 240 గజాల స్థలం లాంటిదే ఆయన కొంటున్నది. ఆ స్థలం మెయిన్ రోడ్డు నుంచి లోపలికి, సందులో ఉంది. అయితే అమ్మే ఆయన తండ్రి కాలంలో ఆ స్థలమంతా ఒకటే, రోడ్డు దాకా ఉండేది. తర్వాత అన్నదమ్ములు పంచుకున్నారు. ముందు భాగం పెద్దాయనకు, వెనక భాగం ఈయనకు వచ్చింది. కొత్త దస్తావేజు చిత్తు రాసినవాళ్లు పాత లింకు డాక్యుమెంటు ముందు పెట్టుకొని చెక్కుబంది యథాతథంగా దించేశారు. దాంతో ఉత్తరం హద్దు "మెయిన్ రోడ్డు" అయింది.

"అన్నా, రోడ్డు నా స్థలానికి యాభై అడుగుల దూరంలో ఉంది. నా ఇంటికి లారీ కూడా రాదు. నాకు రోడ్డు రేటు ఎందుకు వేశారు?" అని ఆయన అడిగాడు.

చిత్తు తీసి చూస్తే ఒక్క హద్దులో తప్పు. పంపకాల దస్తావేజు తెప్పించి, ఉత్తరాన పెద్దాయన భాగం అని, తూర్పున సందు అని సరిదిద్దాక లోపలి వీధి రేటు వచ్చింది. ఆ ఒక్క హద్దు విలువ ఎంతో కింద లెక్కలో చూపిస్తాను. అయితే ఒక మాట. ఇది పొరపాటును సరిచేయడమే. నిజంగా రోడ్డు పక్కనే ఉన్న స్థలానికి సందు అని రాయిస్తే అది దొంగ లెక్క అవుతుంది, తర్వాత తనిఖీలో బయటపడితే తేడాతో పాటు మీరు సమాధానం కూడా చెప్పుకోవాలి.

రెండోది భూమి రకం. పట్టికలో సర్వే నంబరుకు ఎకరా 20 లక్షలు అని చూసి, సెంటుకు 20 వేలే కదా, పది సెంట్లకు రెండు లక్షలే కదా అనుకుంటారు. కానీ ఆ నేలలో రాళ్లు పాతి, దారులు తీసి, ఇళ్ల స్థలాలుగా అమ్ముతుంటే దానికి ఎకరా రేటు వర్తించదు, గజం రేటు పడుతుంది. గజం 2,000 అనుకుంటే పది సెంట్లు 484 గజాలు, విలువ 9,68,000. 7.5 శాతం చొప్పున ఒక లెక్కలో 15,000, ఇంకో లెక్కలో 72,600. భూమి అదే, విస్తీర్ణం అదే. తాడిపత్రి రోడ్డు, బళ్లారి రోడ్డు వైపు చిన్న చిన్న ముక్కలు కొనేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ ముక్కకు ఎకరా రేటా, గజం రేటా?

మూడో పని: ఇంటి విలువ కలపడం

స్థలంలో కట్టడం ఉంటే దాని విలువ విడిగా కట్టి, స్థలం విలువకు కలుపుతారు. ఆర్‌సీసీ స్లాబు ఇంటికి ఒక రేటు, రేకుల ఇంటికి, పెంకుటింటికి ఇంకో రేటు, చదరపు అడుగుకు ఇంత అని ఉంటుంది. పాతబడిన ఇంటికి వయసును బట్టి తరుగుదల తీసేస్తారు. ఈ తరుగుదల కావాలంటే ఇల్లు ఎప్పుడు కట్టారో చూపించే కాగితం చేతిలో ఉండాలి. పాత ఇంటి పన్ను రసీదు, కరెంటు కనెక్షన్ ఇచ్చిన తేదీ, ప్లాను ఆమోదం, ఏదో ఒకటి తెచ్చుకోండి. "ముప్పై ఏళ్ల ఇల్లు సార్" అని నోటితో చెబితే సరిపోదు.

ఇల్లు ఉండగా ఖాళీ స్థలం అని రాయించమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి వినకండి. ఇంటి పన్ను, కరెంటు మీటరు ఆ ఇల్లు ఉందని చెబుతూనే ఉంటాయి. తక్కువ పడిన సుంకాన్ని రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా వసూలు చేసే అధికారం శాఖకు ఉంది. అంతకు మించి, మీ దస్తావేజులో ఇల్లే లేకపోతే రేపు బ్యాంకు ఆ ఇంటి మీద అప్పు ఇచ్చేటప్పుడు అడ్డం తిరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం

కింది రేట్లు లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి. మీ వీధి రేటు మీరు చూసుకోవాలి.

స్థలం 240 గజాలు, లోపలి వీధి రేటు గజానికి 6,000. స్థలం విలువ 14,40,000. అందులో 600 చదరపు అడుగుల పాత పెంకుటిల్లు ఉంది. అడుగుకు 500 చొప్పున మూడు లక్షలు, వయసుకు 20 శాతం తరుగుదల పోగా 2,40,000. రెండూ కలిపితే గవర్నమెంట్ విలువ 16,80,000.

బేరం 16 లక్షలు. గవర్నమెంట్ విలువే ఎక్కువ కాబట్టి 16,80,000 మీద కట్టాలి. స్టాంపు డ్యూటీ 84,000, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 25,200, రిజిస్ట్రేషన్ ఫీజు 16,800. మొత్తం 1,26,000. వేళ్ల మీద వేసుకున్న లక్షా ఇరవై వేలకు ఇది ఆరు వేలే ఎక్కువ.

అదే హద్దు "మెయిన్ రోడ్డు" అని ఉండి, రోడ్డు రేటు గజానికి 9,000 పడితే? స్థలం 21,60,000, ఇల్లు 2,40,000, మొత్తం 24 లక్షలు. సుంకం 1,80,000. చెక్కుబందిలో ఒక్క మాట తేడాకు 54,000 రూపాయలు. ఆ లారీ ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. చలానా కట్టేశాక తప్పు తెలుసుకొని ఉంటే, ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి అర్జీలు పెట్టుకొని తిరగాల్సి వచ్చేది.

రేటు ఏ రోజుది?

అగ్రిమెంటు రాసుకున్న రోజు రేటు స్టాంపు డ్యూటీకి పనికిరాదు. సేల్ డీడ్ రాసి సంతకాలు పెట్టే నాటికి ఏ రేటు అమల్లో ఉంటే అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించిన విలువలు అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వారం ఆఫీసుల ముందు జనం ఎందుకు బారులు తీరారో దీన్ని బట్టి తెలుస్తుంది. మీరు ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకుంటుంటే, మధ్యలో రేటు పెరిగితే ఆ అదనపు సుంకం ఎవరు భరించాలో అందులోనే ఒక వాక్యం రాయించుకోండి. అమ్మేవాళ్ల వల్ల ఆలస్యమైతే వాళ్లే భరించాలని అడగడంలో తప్పేమీ లేదు.

గవర్నమెంట్ రేటే ఎక్కువగా ఉంటే

కొన్ని చోట్ల నిజమైన ధర కంటే పట్టికలో రేటే ఎక్కువ ఉంటుంది. గుంతలో ఉన్న స్థలం, దారి సరిగా లేని స్థలం, ఊరి చివర రోడ్డు రేటు అంటుకున్న బీడు, ఇలాంటివి. పట్టికలోని విలువ ఒక మార్గదర్శకం మాత్రమే, అదే తుది విలువ కాదని సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి చట్టంలో ఒక దారి ఉంది, స్టాంపు చట్టంలోని సెక్షన్ 47ఎ.

మీరు నిజమైన ధరనే దస్తావేజులో రాసి, దాని మీద సుంకం కట్టి రిజిస్ట్రేషన్‌కు ఇవ్వవచ్చు. విలువ తక్కువగా చూపించారని సబ్ రిజిస్ట్రార్‌కు అనిపిస్తే దస్తావేజును పెండింగులో పెట్టి, విలువ తేల్చడానికి కలెక్టర్‌కు పంపుతారు. ఆచరణలో ఈ పని చూసేది జిల్లా రిజిస్ట్రార్. అయితే పంపాలంటే, తక్కువ పడిందని ఆఫీసు చెప్పిన సుంకంలో సగం ముందే డిపాజిట్ చేయాలి. తర్వాత విచారణ ఉంటుంది, మీ వాదన వింటారు, స్థలం చూస్తారు. ఆ నిర్ణయం నచ్చకపోతే అప్పీలు ఉంది.

పై లెక్కలోనే చూడండి. బేరం 16 లక్షలు, ఆఫీసు 24 లక్షలు అంటే సుంకంలో తేడా 60,000. అందులో సగం కట్టి నెలల తరబడి దస్తావేజు చేతికి రాకుండా ఆగాలి. ఈలోగా బ్యాంకు లోను ఆగిపోతుంది. అందుకే తేడా పెద్దదై, మీ దగ్గర ఫోటోలు, పక్క స్థలాల ఇటీవలి అమ్మకం దస్తావేజుల నకళ్లు లాంటి ఆధారాలు గట్టిగా ఉంటేనే ఈ దారి పట్టమని నేను చెబుతాను. ఐదారు వేల తేడాకు ఇది పెట్టుకోవద్దు.

ఇన్‌కం టాక్స్‌లో అదే విలువ మళ్లీ ఎదురవుతుంది

ఇది చాలామందికి రెండేళ్ల తర్వాత నోటీసు వచ్చినప్పుడు తెలుస్తుంది. దస్తావేజు ధర కంటే స్టాంపు డ్యూటీకి తీసుకున్న విలువ 10 శాతం కంటే ఎక్కువగా ఉంటే, అమ్మినవాళ్లకు లాభం లెక్క గవర్నమెంట్ విలువ మీద వేస్తారు. కొన్నవాళ్ల చేతిలో ఆ తేడా 50,000 దాటితే, తేడా మొత్తాన్ని ఆదాయంగా లెక్కపెడతారు. 16,00,000 ధరకు 16,80,000 విలువ అంటే తేడా 5 శాతమే, ఇబ్బంది లేదు. 24 లక్షల రేటు పడి ఉంటే, కొన్న ఆయనకు రాని ఎనిమిది లక్షలు ఆదాయంగా కనిపించేవి. ఒక హద్దు తప్పు అంత దూరం వెళుతుంది. దస్తావేజు ధరను కావాలని తగ్గించి రాసేవాళ్లకు కూడా ఇదే వల.

ఇక్కడ మాత్రం అగ్రిమెంటు తేదీ ఉపయోగపడుతుంది. అగ్రిమెంటు రోజుకో అంతకు ముందో అడ్వాన్సులో కొంతైనా బ్యాంకు ద్వారా ఇచ్చి ఉంటే, ఇన్‌కం టాక్స్ లెక్కకు ఆ రోజు విలువను తీసుకునే వీలుంది. కాబట్టి అడ్వాన్సు చేతికి నగదుగా ఇవ్వకండి, ఖాతా నుంచి పంపండి.

చలానా కట్టే ముందు, కట్టిన తర్వాత

చిత్తు దస్తావేజు చేతికి వచ్చాక నాలుగు అంకెలు మీరే చూసుకోండి: విస్తీర్ణం, గజం రేటు, కట్టడం విలువ, వీటి మొత్తం. పాత లింకు డాక్యుమెంటు పక్కన పెట్టి నాలుగు హద్దులూ గట్టిగా చదివించుకోండి. చదువురాని పెద్దవాళ్లు కొంటుంటే, ఇంట్లో చదివే పిల్లలతోనైనా చదివించండి. అన్నీ సరిపోయాకే చలానా తీయండి. మూడు పద్దులూ విడివిడిగా ఎంత పడ్డాయో చలానాలో ఉంటుంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక దస్తావేజు మీద వేసే ఎండార్స్‌మెంటులో కట్టిన స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కనిపిస్తాయి. చలానాతో సరిపోల్చి, చలానా కాపీని దస్తావేజుతో కలిపి దాచండి. రేపు ఆ స్థలం అమ్మినప్పుడు కొన్న ధరకు ఈ 1,26,000 కూడా కలిపే లాభం లెక్క వేస్తారు. ఆ రోజు ఆడిటరు మొదట అడిగే కాగితాల్లో ఇదొకటి.